ఏ కొత్తూరు? – ఒక ఎలుగుబంటి వార్త

విలేకరి పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, రహస్యాలు ఎలా రాబట్టాలి అని అడుగుతుంటారు. ఇరవై ఎనిమిదేళ్ల నా ఉద్యోగంలో రహస్యం రాబట్టాల్సిన అవసరం నాలుగైదుసార్లు వచ్చిందేమో. మిగతా రోజులన్నీ ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరికి ఏమయింది అన్న వాటితోనే గడిచాయి. చూడటానికి చిన్న ప్రశ్నలే. నేను చేసిన పెద్ద తప్పులన్నీ మాత్రం వాటిలోనే ఉన్నాయి.

మాది మధిర. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టా ఎక్కడ చిట్లిందో చెప్పేటప్పుడు ఆయన "స్టేషన్ దాటినాక" అని ఎప్పుడూ అనేవాడు కాదు. కిలోమీటరు రాయి నంబరు, దానికి ఎన్ని స్తంభాలు అవతల, ఎడమ పట్టానా కుడి పట్టానా అని చెప్పేవాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఒక మనిషి ముఖం చీలిపోయిన చోటును "కొత్తూరు సమీపంలో" అని రాశాను. ఆ సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను.

ఫోనులో వచ్చిన పులి

రెండు వేల ఆరు ఏడు ప్రాంతంలో నేను భద్రాచలంలో పనిచేస్తున్నాను. పట్నంలో సెల్‌ఫోన్లు వచ్చేశాయి గానీ గోదావరి వెంట దుమ్ముగూడెం దాటి చర్ల వైపు పోతే సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కోవాలి. మండలానికొక కంట్రిబ్యూటర్ ఉండేవాడు. ఎస్టీడీ బూతో, ఎరువుల కొట్టో నడుపుకుంటూ వార్తలు చెప్పేవాడు.

ఇప్ప పూలు రాలే రోజులు. ఒక ఉదయం తొమ్మిదిన్నరకు దుమ్ముగూడెం నుంచి సత్యం ఫోన్ చేశాడు. బూతు నడుపుతాడు, మనిషి చురుకు.

"సార్, కొత్తూరు దగ్గర బ్రెడ్డు బండాయన మీద పులి పడ్డది. మొకమంతా చీల్చిందంట. జీపుల భద్రాచలం దవాఖానకు తీస్కపోయిన్రు. గిప్పుడే మా సెంటర్‌ల ఆగి నీళ్లు తాగించి పోయిన్రు."

"నువ్వు చూసినవా?"

"జీపును చూసిన సార్. లోపల మనిషి తలకు తువ్వాలు చుట్టి ఉన్నది. టీ కొట్టోళ్లు చెప్పిన్రు పులి అని."

"కొత్తూరంటే మీ మండలందేనా?"

"అవ్ సార్, మా కొత్తూరే. వేరేది ఏముంటది?"

ఆ చివరి మాట దగ్గర నేను ఆగాల్సింది. కొత్తగా నాలుగు ఇళ్లు కట్టుకున్న ప్రతి చోటూ కొత్తూరే. దుమ్ముగూడెం మండలంలో ఒకటి ఉన్నట్టే, చర్ల మండలంలో అడవి అంచున ఇంకొకటి ఉంది. రెంటికీ మధ్య ముప్ఫై కిలోమీటర్ల పైనే. చర్ల నుంచి భద్రాచలం వచ్చే జీపు ఎలాగూ దుమ్ముగూడెం వైపు నుంచే రావాలి. అక్కడ ఆగినంత మాత్రాన అక్కడి నుంచే బయలుదేరినట్టు కాదు. ఇది నాకు తెలియని విషయం కాదు, ఆ పూట తోచలేదు. చర్ల కంట్రిబ్యూటర్ పెళ్లికి వెళ్లి ఊళ్లో లేడు. ఉంటే రెండో ఫోను వచ్చేది, నేను బయటపడేవాణ్ణి.

సత్యం చెప్పిందే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. వివరణ తీసుకోవడం మా పద్ధతి. వాళ్లు నా మాట నమ్మి దుమ్ముగూడెం కొత్తూరుకు మనుషుల్ని పంపారు.

ఆసుపత్రిలో పది నిమిషాలు

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. గాయపడిన మనిషి పేరు కృపాకర్, ముప్ఫై నాలుగేళ్లు. నేను తర్వాత తెలుసుకున్నట్టు, చర్లలో ఒక బేకరీ నుంచి బ్రెడ్డు, బన్నులు, రస్కులు రెండు ప్లాస్టిక్ ట్రేలలో మోపెడ్ వెనక కట్టుకుని అడవి పల్లెల్లోని చిల్లర కొట్లకు వేసి వస్తాడు. అప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు. భార్య సునీత బయట బల్లమీద కూర్చుని ఉంది. ఆమె ఒడిలో ఆయన చొక్కా, రక్తం ఎండి అట్టకట్టి ఉంది.

నేను ఆమెను పేరు అడిగాను, వయసు అడిగాను, పిల్లలెంతమంది అని అడిగాను. విషయం తెలిసినప్పుడు ఎలా అనిపించిందని కూడా అడిగాను.

"ఏమనిపిస్తది సార్" అని ఆమె, "ఆయన పొద్దుగాల..." అని ఏదో చెప్పబోయింది.

ఫోటో రోలు ఒంటిగంట బస్సులో ఖమ్మం పంపాలి. మళ్లీ వస్తానమ్మా అని లేచాను. ఆయన పొద్దున్నే ఏ ఊరి నుంచి బయలుదేరి ఏ దారిన పోయాడో చెప్పగల మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంటే, ఆమె బాధ ఎలా ఉందో అడిగి వచ్చేశాను. డాక్టరు థియేటర్ నుంచి వచ్చేదాకా ఆగలేదు.

ఎడిషన్ ఇన్‌ఛార్జి శేషగిరి గారని ఉండేవారు. భాష మీద పట్టున్న మనిషి, వేగం మీద ఇంకా ఎక్కువ పట్టున్న మనిషి. "పులి ఖాయమేనా?" అని ఒకసారి అడిగారు. "అక్కడివాళ్లు అలాగే అంటున్నారు" అన్నాను. ఆ జవాబుకు అర్థం లేదు. మన దగ్గర చిరుతనూ పులే అంటారు, భయపడ్డవాడికి పొదలో కదిలిన ప్రతిదీ పులే. తెల్లారి పేపర్లో మూడు కాలమ్‌ల వార్త: దుమ్ముగూడెం మండలం కొత్తూరు సమీపంలో పులి దాడి, బ్రెడ్డు వ్యాపారికి తీవ్ర గాయాలు.

నిజానికి ఆయన వ్యాపారి కూడా కాదు, జీతగాడు. అందులో సరిగ్గా ఉన్నవి పేరూ వయసూ.

ఆ వార్త చేసిన పని

దుమ్ముగూడెం కొత్తూరులో అటవీ సిబ్బంది సాయంత్రం దాకా తిరిగారు. అడుగుజాడ లేదు, రక్తపు మరక లేదు, చూసినవాడు లేడు. పుకారని తేల్చుకుని వెళ్లారు. మర్నాడు పేపరు చూసిన ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం ఇప్ప పూలు ఏరడానికి పోవడం మానేశారు. ఏడాదిలో ఆ పూలు రాలేది రెండు మూడు వారాలే.

అసలు దాడి జరిగిన చోటు చర్ల కొత్తూరు నుంచి నెమలిగుంపు అనే కోయపల్లెకు పోయే మట్టిరోడ్డు మీద, వాననీళ్లు పోయే ఒక తూము దగ్గర. కృపాకర్‌ను కాపాడింది కొత్తూరు ఆడవాళ్లు. నెమలిగుంపు రోడ్డుకు అవతలి కొసన, చిన్న గుట్ట వెనక ఉంటుంది. ఎవరినో ఏదో జంతువు కొట్టిందని గాలివాటు కబురు అక్కడికీ చేరింది. ఎక్కడ, ఏ జంతువు అన్నది చేరలేదు. ఆ పల్లెకు వచ్చేది ఒక్క పేపరు, అక్కడి బడి పంతులు తెప్పించుకునేది. జనం ఆయన దగ్గరికి వెళ్లి అడిగారు. ఆయన మా వార్త చదివి వినిపించాడు. దుమ్ముగూడెం కొత్తూరంట, మనకు ముప్ఫై కిలోమీటర్లు, భయం లేదన్నాడు.

ఆ వైపు అడవి చూసే సెక్షన్ ఆఫీసర్ రహీం కూడా అదే పేపరు చదివాడు. పోలీసుల ద్వారా సమాచారం అందేసరికి, ఇది ఆ దుమ్ముగూడెం సంగతే, అటువాళ్లు చూసుకుంటారు అనుకున్నాడు.

మూడో రోజు పొద్దున వెలుగు సరిగ్గా రాకముందే నెమలిగుంపు నుంచి సోమక్క అనే యాభై ఏళ్ల మనిషి గంప పట్టుకుని మిగతావాళ్ల కంటే ముందే ఇప్పచెట్ల కిందికి వెళ్లింది. అదే తూము దగ్గర అదే జంతువు ఆమె కుడికాలి పిక్క పట్టుకుంది. వెనకనుంచి వస్తున్న వాళ్లు గంపలు కొట్టి అరవడంతో వదిలి పోయింది. బతికింది. ఆ కాలు మాత్రం తర్వాత ఎప్పుడూ సరిగ్గా మోపలేదు.

ఈసారి కబురు సరిగ్గా వచ్చింది. పెళ్లి నుంచి తిరిగొచ్చిన చర్ల కంట్రిబ్యూటర్ ఫోన్‌లో, "సార్, మొన్నటిది కూడా గిక్కడిదే. మీరు వేరే ఊరు వేసిన్రు" అన్నాడు. అందులో కోపం లేదు.

రహీం కొలత

ఆ మధ్యాహ్నానికి చర్ల చేరి రహీంతో కలిసి ఆ తూము దగ్గరికి వెళ్లాను. రహీం పొట్టి మనిషి, నిదానస్తుడు. జీపు దూరంగా ఆపించి, ముందు నా కాళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పాడు.

"జాడ మీద తొక్కకు సార్. తొక్కినంక ఏం చూస్తం?"

జేబులోంచి టేపు తీసి కొలిచాడు. కొత్తూరు బడి గేటు నుంచి జీపు మీటరు ప్రకారం రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. రోడ్డు మీద వచ్చే రెండో తూము. తూముకు ఉత్తరం పక్కన పదహారు అడుగుల దూరంలో మోపెడ్ పడిన గుర్తు, నూనె మరక. మూడు రోజులైనా రస్కు ముక్కలు చీమలు పట్టి ఉన్నాయి. అక్కడినుంచి ఇరవై అడుగులు పోతే ఇప్పచెట్లు.

మట్టిలో ఒక జాడ చూపించి, "ఇది ఎవరిదనుకుంటవ్?" అన్నాడు.

చెప్పుల్లేని మనిషి పాదంలా ఉంది. అదే అన్నాను.

"అందరూ గట్లనే అంటరు. ఇది ఎలుగుబంటి వెనక కాలు. ముందు కాలు చూడు, వేళ్లకు ఇంత ఎడంగా గోళ్ల గుర్తులు. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటది, మట్టిల పడవు. దీనికి ముడుచుడు రాదు."

పక్కనే తవ్వేసిన చెదపుట్ట, పెంట. పెంటను పుల్లతో విడదీస్తే అందులో ఇప్ప పూల తొక్కు కనిపించింది. పెద్ద జాడ పక్కన అదే ఆకారంలో అరచేయంత చిన్న జాడలున్నాయి. "పిల్ల ఉన్నది" అన్నాడు రహీం. తన చిన్న పుస్తకంలో అటవీశాఖ లెక్కలో ఆ చోటి బీటు పేరు, కంపార్ట్‌మెంట్ నంబరు, తూముకు ఏ దిక్కు, ఎన్ని అడుగులు, అన్నీ రాసుకున్నాడు. ఇంతెందుకని అడిగాను.

"రేపు కాపలా మనిషిని ఎక్కడ కూసోబెట్టాలె సార్? కొత్తూరు సమీపంలనా?"

ఆ మాట కావాలని అన్నాడో లేదో నాకు తెలియదు.

డాక్టరమ్మ చదివిన గాయాలు

భద్రాచలం తిరిగొచ్చి ఈసారి డాక్టరు కోసం రెండు గంటలు కూర్చున్నాను. సర్జన్ సరళ గారు. పులి అని రాసింది మీరేనా అని అడిగి, చెప్పడం మొదలుపెట్టారు.

"పులి అయితే వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుంటుంది. ఈయన మెడ మీద గీత కూడా లేదు. ఎలుగుబంటి దగ్గరికొచ్చాక వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. నిలబడితే దాని పంజాకు అందేది మనిషి తల, ముఖం. ఈ అడవి నుంచి వచ్చే ఎలుగు కేసులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి."

ఆమె కేసు షీటు చూసి చెప్పినవి వరసగా రాసుకున్నాను. ఎడమ కనుబొమ్మ పైనుంచి నడినెత్తి దాకా తలచర్మం ఊడి వెనక్కి మడత పడింది. ఎడమ చెంప ఎముక విరిగింది. ఎడమ కనురెప్పలు రెండూ చీలాయి, కనుగుడ్డు చితికింది. ముఖానికి అడ్డం పెట్టిన ఎడమ ముంజేతికి నాలుగు పంటిగాట్లు, లోపల ఒక ఎముక విరిగింది. కడుపు మీద, కాళ్ల మీద ఏమీ లేవు.

వైద్యం సంగతీ అడిగాను. కొత్తూరు ఆడవాళ్లు గాయంలో ఆకుపసరు, పసుపు ఏదీ పెట్టలేదట. ఊడిన చర్మాన్ని కోసి పారేయకుండా దాని చోట దాన్ని పరిచి, శుభ్రమైన తువ్వాలుతో గట్టిగా కట్టి, మంచం మీద కొత్తూరు దాకా మోసుకొచ్చారు. "నెత్తి చర్మం బతికింది అందుకే" అన్నారామె. చర్లలో ప్రాథమిక కేంద్రం నర్సు సబ్బునీళ్లతో గాయాలను పావుగంట కడిగి, సెలైన్ ఎక్కించి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేసి జీపెక్కించింది. ఇక్కడికొచ్చాక మత్తిచ్చి మళ్లీ కడిగారు. అడవి జంతువు కరిచినా కుక్క కాటుకు చేసినట్టే రేబిస్‌కు జాగ్రత్తపడాలి. టీకా భుజానికి వేశారు. దాంతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును గాయాల అంచుల్లోనే చుట్టూ ఎక్కించారు. టీకా పని మొదలుపెట్టేలోగా కాపాడేది అదే. ఆ తర్వాతే చర్మాన్ని వదులుగా కుట్టారు. గట్టిగా కుడితే లోపల చీము మిగిలిపోతుంది. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది, మిగిలిన టీకాలు.

"కన్ను?" అన్నాను.

"పోయింది. ముఖం సరిచేయడానికి వరంగల్ పంపుతున్నాం."

ఆమె రెండు చేతులూ కడుక్కుని, "ఇవన్నీ మొన్న కూడా చెప్పేదాన్నే. అడగలేదు మీరు" అన్నారు.

సవరణ

శేషగిరి గారు సవరణకు ఒప్పుకోలేదు. "కొత్త వార్త రాయండి. పాతది తప్పని మనమే చాటుకోవడం ఎందుకు? రెండో దాడి ఉంది కదా, అదే పెద్ద వార్త."

"సార్, దుమ్ముగూడెం కొత్తూరు వాళ్లు ఇంకా అడవికి పోవట్లేదు. మన వార్త తప్పని చెప్పకపోతే వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?"

ఆయన చెడ్డవాడు కాదు. పేపరు తప్పు ఒప్పుకుంటే జనం నమ్మరన్న పాతకాలపు నమ్మకం ఆయనది. చివరికి, "ఒక్క వాక్యం. అడుగున" అన్నారు.

ఆ రోజు రాసిన వార్త మొదటి పేరా నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "చర్ల మండలం కొత్తూరు నుంచి నెమలిగుంపు వెళ్లే మట్టిరోడ్డుపై, కొత్తూరు బడికి సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరంలోని రెండో తూము వద్ద మూడు రోజుల్లో ఇద్దరిపై ఎలుగుబంటి దాడి చేసింది. దానితో పిల్ల ఉన్నట్లు జాడలున్నాయి. తూముకు ఉత్తరాన ఉన్న ఇప్పచెట్ల వైపు వెళ్లవద్దని, మిగతా చోట్ల ఎండ వచ్చాక గుంపుగా, చప్పుడు చేస్తూ వెళ్లాలని అటవీ అధికారులు కోరారు." అడుగున ఒక్క వాక్యం: "ఈ దాడి దుమ్ముగూడెం మండలంలో పులి వల్ల జరిగినట్లు ఇంతకుముందు ప్రచురించిన వార్త తప్పు."

అందులో ఒక్క విశేషణం లేదు. ఇద్దరు కాపలా మనుషులు ఏ చెట్టు కింద కూర్చోవాలో తెలిసి కూర్చున్నారు. రెండు పల్లెల్లో డప్పు వేయించారు. పూలు అయిపోయాక ఎలుగు పిల్లను తీసుకుని గుట్ట అవతలికి పోయింది. మూడో మనిషి గాయపడలేదు.

సోమక్కను చూడటానికి నెమలిగుంపు వెళ్లాను. కాలికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను, ఊరి పేరు తప్పు రాసింది నేనేనని కూడా చెప్పాను.

"పంతులు సదివిండు సారూ. పేపర్ల ఉన్నదంటే నిజమే అయితదనుకున్నం. గుడ్డెలుగని రాస్తే పోకపోదును. గుడ్డెలుగు సంగతి మాకెరికే."

తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నేను క్షమించమన్నాను. ఆమె మంచినీళ్లు తెమ్మని కోడలికి చెప్పింది.

కృపాకర్ చెప్పింది

నాలుగు నెలల తర్వాత కృపాకర్ వరంగల్ నుంచి ఇంటికొచ్చాడని తెలిసి చర్ల వెళ్లాను. ఎడమకన్ను మీద గుడ్డ కట్టుకుని ఉన్నాడు. మాట కొంచెం నత్తిగా వస్తోంది గానీ స్పష్టంగానే ఉంది. బేకరీ యజమాని కొట్లోనే పని ఇస్తానన్నాడట, బండి నడపడం ఇక కష్టం. సునీత నాకు టీ ఇచ్చింది. ఆసుపత్రిలో మళ్లీ వస్తానన్న మాట నేను గుర్తుచేయలేదు, ఆమె కూడా చేయలేదు.

ఆ ఎలుగును బోను పెట్టి పట్టాలని, అది మనిషి మీద పడటం మరిగిందని అప్పటికి చర్లలో ఒక అర్జీ తిరుగుతోంది. మీరు సంతకం పెట్టారా అని కృపాకర్‌ను అడిగాను.

"పెట్టలే సార్."

"ఎందుకు?"

"మీరు రాసిన రెండో వార్త సునీత సదివి వినిపించింది. అంతా సరిగనే రాసిన్రు. ఒకటి లేదు."

నేను పుస్తకం తీశాను.

"తాడు వదులైందని తూము కాడ బండి ఆపిన. ట్రేలు బిగిస్తున్న. ఎలుగు నాకెదురుగా చెట్ల కాడ ఉన్నది, పూలు తింటున్నది. నన్ను చూసింది, ఊకున్నది. నేను మెల్లగ పోదామనుకుంటున్న. గంతల నా వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే దాని పిల్ల. తూములకెల్లి బయటికొచ్చి రస్కులు వాసన చూస్తున్నది. తల్లి అటు, పిల్ల ఇటు, నడుమ నేను."

టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"మీరిది ఎవరికైనా చెప్పారా?" అన్నాను.

"అందరూ అది ఏం చేసింది అని అడిగిన్రు సార్. నేను ఎక్కడ నిలబడ్డ అని ఎవరడిగిన్రు?"

పుస్తకంలో తూము గీశాను. ఆయన పెన్ను తీసుకుని, ఒక్క కన్నుతోనే దగ్గరగా చూస్తూ, తల్లి ఉన్న చోట ఒక గుర్తు, పిల్ల ఉన్న చోట ఒక గుర్తు పెట్టాడు. వాటి మధ్య తన గుర్తు పెట్టడానికి కాస్త ఆలోచించి, పిల్లకు దగ్గరగా పెట్టాడు. అర్జీతో పాటు చూడమని ఆ కాగితం నకలు రహీంకు పంపాను. బోను పెట్టలేదు.